హీమోగ్లోబిన్, బిడ్డ బరువు: థీసిస్‌లో రిగ్రెషన్ పేరా ఎలా రాయాలి

ప్రశ్న: సర్, ఓబీజీ పీజీ ఫైనల్ ఇయర్. మూడో ట్రైమెస్టర్‌లో తల్లి హీమోగ్లోబిన్‌కీ బిడ్డ పుట్టిన బరువుకీ సంబంధం మీద థీసిస్, 240 మంది తల్లులు. "మల్టిపుల్ లీనియర్ రిగ్రెషన్ చేశాం, యూనివేరియేట్‌లో పి-వాల్యూ 0.05 కంటే తక్కువ వచ్చినవి తీసుకుని స్టెప్‌వైజ్ పెట్టాం, అజంప్షన్స్ అన్నీ చెక్ చేశాం" అని రాస్తే గైడ్ వెనక్కి పంపారు. మోడల్, వేరియబుల్ సెలక్షన్, డయాగ్నస్టిక్స్ వివరంగా ఒక పేరాలో రాయమన్నారు. ఎస్‌పిఎస్‌ఎస్‌లో చేశాను, ఆర్ కొంచెం వచ్చు. ఎలా రాయాలో చెప్పగలరా?

జవాబు:

మీ గైడ్ వెనక్కి పంపింది వాక్యాలు బాగాలేక కాదు. ఆ మూడు ముక్కలూ ఏ థీసిస్‌లో అతికించినా అతుకుతాయి, మీరు ఏం నిర్ణయించారో, ఎందుకు నిర్ణయించారో అందులో ఎక్కడా లేదు. ఈ పేరా చదివిన వేరే స్టాటిస్టీషియన్ మీ ఎక్సెల్ షీట్ తీసుకుని కూర్చుంటే మీకొచ్చిన అంకెలే రావాలి, పరీక్ష దానికి అదొక్కటే. కాబట్టి ముందు రాయడం ఆపి నిర్ణయాలు తేల్చుకుందాం, తేలితే రాయడం అరగంట పని.

మొదటిది మోడల్. మీ అవుట్‌కమ్ బిడ్డ బరువు, గ్రాముల్లో. 2500 గ్రాముల దగ్గర గీత గీసి లాజిస్టిక్ చేయమని ఎవరో ఒకరు చెప్తారు, వినకండి. 2490, 2510 గ్రాముల బిడ్డలిద్దరూ వేరు వేరు జాతులైపోయి, 1400, 2490 గ్రాముల వాళ్లు ఒకటైపోతారు. పైగా 240 మందిలో తక్కువ బరువు బిడ్డలు ఏ యాభై మందో ఉంటే లాజిస్టిక్‌లో పట్టే వేరియబుల్స్ సంఖ్య ఆ యాభైని బట్టి ఉంటుంది, 240ని బట్టి కాదు. లీనియర్ రిగ్రెషనే మీకు సరైనది. అలాగే హీమోగ్లోబిన్‌ని కూడా 11 దగ్గర నరికి "ఎనీమియా ఉంది, లేదు" అని మార్చకండి. ఆ వర్గీకరణ డిస్క్రిప్టివ్ టేబుల్‌లో పెట్టుకోండి, మోడల్‌లోకి మాత్రం గ్రాములు-పర్-డెసిలీటర్ అంకెగానే వెళ్లాలి.

ఇప్పుడు అసలు గొడవంతా ఉన్న చోటు, వేరియబుల్ సెలక్షన్. యూనివేరియేట్‌లో 0.05 దాటినవి తీసేయడం ఎందుకు తప్పో మీ డేటాలోనే చూపిస్తాను. కాన్పుల సంఖ్య తీసుకోండి. రెండో, మూడో కాన్పు తల్లుల్లో ఐరన్ నిల్వలు అడుగంటి హీమోగ్లోబిన్ తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. కానీ తొలికాన్పు బిడ్డల కంటే తర్వాతి కాన్పుల బిడ్డలు సగటున కొంచెం బరువు ఎక్కువ పుడతారు. అంటే రక్తం తక్కువున్న గుంపులోకే, వేరే కారణంతో, బరువైన బిడ్డలు కూడా వచ్చి చేరుతున్నారు. హీమోగ్లోబిన్ ఒక్కదాన్నే పెట్టి చూస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సంబంధం ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది, 0.05 దాటినా ఆశ్చర్యం లేదు. కాన్పుల సంఖ్యని కూడా విడిగా చూస్తే ఇదే తంతు. మీ రూల్ ప్రకారం రెండూ బయటికి పోవచ్చు, రెండూ కలిసి ఉన్నప్పుడే నిజం బయటపడుతుంది. ఒక్కొక్కదాన్ని విడిగా చూసి ఏరడంలో ఉన్న లోపం ఇదే, గీతని 0.05 నుంచి 0.20కి జరిపినా పూర్తిగా పోదు.

స్టెప్‌వైజ్‌ది ఇంకో రోగం. సాఫ్ట్‌వేర్ చాలా కాంబినేషన్లు వెతికి బాగా కనిపించినవాటిని మిగుల్చుతుంది, కానీ చివర ఇచ్చే పి-వాల్యూలు, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్ మాత్రం అసలు వెతకనే లేదన్నట్టు లెక్కేస్తుంది. అందుకే పి-వాల్యూలు ఉండాల్సినదానికంటే చిన్నగా, ఇంటర్వల్స్ ఇరుకుగా వస్తాయి. మీకు ఆర్ వచ్చంటున్నారు కాబట్టి, 240 మందిలోంచి రీశాంపిల్ చేసి ఓ వంద సార్లు స్టెప్‌వైజ్ నడిపి చూడండి, ప్రతిసారీ అదే జాబితా మిగులుతుందేమో. చాలా డేటాల్లో మిగలదు.

మరి ఎలా ఎంచుకోవాలి? మీ ప్రశ్న "బరువుని ఏవేవి ప్రభావితం చేస్తాయి" కాదు, "హీమోగ్లోబిన్ వల్ల బరువు ఎంత మారుతుంది" అని. అంటే హీరో ఒక్కడే, మిగతావన్నీ వాడి మీద పడే నీడలు తొలగించడానికి వచ్చినవే. ప్రతి వేరియబుల్ దగ్గరా ఒకటే అడగండి: ఇది హీమోగ్లోబిన్‌నీ, బరువునీ రెండిటినీ ముందు నుంచే కదిలించేదా, లేక హీమోగ్లోబిన్ నుంచి బరువుకి వెళ్లే దారి మధ్యలో ఉన్నదా? మొదటి రకం కన్ఫౌండర్, లోపల పెట్టాలి. రెండో రకం మీడియేటర్, మెయిన్ మోడల్‌లో పెట్టకూడదు.

వయసు, ఎత్తు, తొలి రిజిస్ట్రేషన్ నాటి బీఎంఐ, కాన్పుల సంఖ్య, సామాజిక ఆర్థిక స్థాయి, వీటి గురించి పెద్దగా వాదించనక్కర్లేదు, లోపలే. ఎత్తు, బరువు, బీఎంఐ మూడూ మాత్రం కలిపి పెట్టకండి, మొదటి రెండిటితో చేసిందే మూడోది. ఇక బీపీ ఉన్న గర్భిణులు. ప్రీఎక్లాంప్సియాలో ప్లాస్మా తగ్గి రక్తం చిక్కబడుతుంది, హీమోగ్లోబిన్ ఎక్కువగా కనిపిస్తుంది, అదే సమయంలో బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. దీన్ని వదిలేస్తే "హీమోగ్లోబిన్ ఎక్కువుంటే బిడ్డ చిన్నగా పుడుతుంది" అనే విచిత్రం కొంత మీ కోఎఫిషియెంట్‌లో కలిసిపోతుంది. లోపల పెట్టండి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది, హీమోగ్లోబిన్ ఏ వారంలో తీశారో ఆ వారం. గర్భంలో ప్లాస్మా పెరిగి రక్తం పలచబడటం, నెలలు నిండేకొద్దీ హీమోగ్లోబిన్ మళ్లీ కొంచెం పైకి రావడం మీకు తెలిసిందే. 29వ వారంలో తీసిన 10.2, 37వ వారంలో తీసిన 10.2 ఒకటి కాదు. 37వ వారంలో తీయగలిగారంటేనే ఆ తల్లికి అప్పటిదాకా కాన్పు కాలేదన్న మాట, అంటే బరువుతో కూడా దానికి లంకె ఉంది. కాబట్టి టెస్ట్ చేసిన వారం మోడల్‌లో ఉండాలి.

దీన్ని కాన్పు నాటి వారాలతో కలిపేయకండి, అది వేరే కథ. కాన్పు నాటికి ఎన్ని వారాలు అన్నది మీడియేటర్. రక్తహీనత బరువు తగ్గించే దారుల్లో ఒకటి నెలలు నిండకముందే కాన్పు కావడం. దాన్ని మోడల్‌లో పెడితే ఆ దారిని మీరే మూసేసి, మిగిలిన చిన్న ముక్కని చూపించి "ఇంతే ప్రభావం" అన్నట్టవుతుంది. అంతకంటే ఇబ్బంది ఇంకోటి ఉంది. 32 వారాలకే పుట్టిన బిడ్డల్ని మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్లలో తల్లికి రక్తం బాగానే ఉందంటే ముందే కాన్పు కావడానికి ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం ఉండి ఉండాలి, ఆ కారణం బిడ్డ బరువునీ దెబ్బతీసి ఉండొచ్చు. అప్పుడు ఆ గుంపులో రక్తహీనత ఉన్న తల్లుల బిడ్డలే మెరుగన్నట్టు లెక్క తేలుతుంది. ఎగ్జామినర్లు "జెస్టేషనల్ ఏజ్‌కి అడ్జస్ట్ చేయలేదేం?" అని తప్పకుండా అడుగుతారు. కాబట్టి మెయిన్ మోడల్‌లో వదిలేసి, అది కలిపిన రెండో మోడల్‌ని సెన్సిటివిటీ అనాలిసిస్ పేరుతో పక్కన చూపించండి, ఎందుకు పక్కన పెట్టారో ఒక్క వాక్యం రాయండి.

బిడ్డ ఆడా మగా అన్నది తల్లి హీమోగ్లోబిన్‌ని మార్చదు కాబట్టి కన్ఫౌండర్ కాదు. అయినా పెట్టుకోవచ్చు, బరువులో ఉన్న తేడాని కొంత అది మింగేస్తుంది కాబట్టి మీ ఇంటర్వల్ కొంచెం బిగుస్తుంది. ఈ కారణమే రాయండి, కన్ఫౌండర్ అని మాత్రం రాయకండి.

ఇప్పుడు లెక్క. బీజీ ప్రసాద్ స్కేల్ 5 తరగతులు కాబట్టి 4 పారామీటర్లు తింటుంది. హీమోగ్లోబిన్‌కి వంపు పెట్టాల్సి వస్తే 2. టెస్ట్ వారం, వయసు, ఎత్తు, బీఎంఐ, కాన్పులు, బీపీ, బిడ్డ లింగం ఒక్కొక్కటి చొప్పున 7. మొత్తం 13. 240 మందిలో ఉదాహరణకి 14 మందికి తొలి బీఎంఐ లేదనుకోండి, 226 మిగులుతారు, పారామీటరుకి 17 మంది పైచిలుకు. లీనియర్ రిగ్రెషన్‌కి 10 నుంచి 15 అనే మోటు లెక్క దాటారు కాబట్టి ఏదీ తీసేయాల్సిన అవసరమే లేదు, స్టెప్‌వైజ్ ఎందుకు మరి? అన్నట్టు ఆ 14 మంది ఎవరో చూడండి. ఆలస్యంగా రిజిస్టర్ అయినవాళ్లే అయితే వాళ్లు మిగతావాళ్లలాంటివాళ్లు కాకపోవచ్చు, వాళ్ల హీమోగ్లోబిన్, బిడ్డ బరువు సగటులు విడిగా చూపించాలి.

డయాగ్నస్టిక్స్‌కి వద్దాం. "అజంప్షన్స్ చెక్ చేశాం" అనే వాక్యంలో లేనిది రెండు: ఏం చూశారు, తేడా వస్తే ఏం చేశారు. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది లీనియారిటీ, ఎందుకంటే ఇక్కడ సంబంధం సరళరేఖ కాకపోవచ్చని ముందే తెలుసు. హీమోగ్లోబిన్ బాగా తక్కువున్నా, బాగా ఎక్కువున్నా బిడ్డకి మంచిది కాదని చాలా అధ్యయనాల్లో కనిపించింది. 7 నుంచి 10 దాకా బరువు పెరిగి, 13 దాటాక తగ్గితే, ఆ వంపు మీద సరళరేఖ గీస్తే దాదాపు అడ్డంగా వస్తుంది, మీరేమో "సంబంధం లేదు" అని రాసేస్తారు. కాబట్టి పార్షియల్ రెసిడ్యువల్ ప్లాట్ గీసి చూడండి, వంపు పెట్టిన మోడల్‌తో పోల్చండి. ఆర్‌లో ఇంతే:

```r
library(car); library(splines); library(lmtest); library(sandwich)
# d: complete cases
m1 <- lm(bwt ~ hb + hb_week + age + height + bmi + parity +
           factor(ses) + htn + sex, data = d)
crPlots(m1, terms = ~ hb)
m2 <- update(m1, . ~ . - hb + ns(hb, df = 2))
anova(m1, m2)
vif(m1)
plot(m1, which = c(1, 2, 4))
coeftest(m1, vcov. = vcovHC(m1, type = "HC3"))
```

వంపు మోడల్ గెలిస్తే చివరి లైనులో `m1` బదులు `m2` పెట్టండి. అప్పుడు ఒక్క కోఎఫిషియెంట్ చెప్పుకోవడానికి ఉండదు, గ్రాఫ్ ఇచ్చి "హీమోగ్లోబిన్ 8 ఉన్న తల్లికీ 11 ఉన్న తల్లికీ అంచనా బరువులో ఇంత తేడా" అని ఇంటర్వల్‌తో చెప్పాలి. గెలవకపోతే సరళరేఖే ఉంచి, పోల్చి చూశామని రాయండి.

తర్వాత రెసిడ్యువల్స్, ఫిటెడ్ వాల్యూస్ ప్లాట్. అందులో ఏటవాలు చారలు కనిపిస్తే టెన్షన్ పడకండి. లేబర్ రూమ్‌లో బరువుల్ని 2500, 2800, 3000 అని గుండ్రంగా రాస్తారు కదా, ఒకే బరువున్న బిడ్డలందరికీ రెసిడ్యువల్ అంటే ఆ బరువులోంచి ఫిటెడ్ వాల్యూ తీసేసినదే కాబట్టి వాళ్లంతా ఒకే వాలు గీత మీద వరసగా కూర్చుంటారు. అది మోడల్ లోపం కాదు, తూకం రాసే అలవాటు. మీరు చూడాల్సింది చుక్కల గుంపు ఒక పక్కకి గరాటులా విచ్చుకుంటోందా, మధ్యలో వంగుతోందా అని. విచ్చుకుంటే కోఎఫిషియెంట్ పెద్దగా చెడదు గానీ స్టాండర్డ్ ఎర్రర్ తప్పుతుంది, అందుకే పైన దాన్ని సరిచేసే హెచ్‌సీ3 పెట్టాను. నన్నడిగితే మీ డేటాలో ముందు నుంచే అదే వాడతామని రాసుకోండి, బ్రూష్-పేగన్ టెస్ట్ చేసి దాని ఫలితాన్ని బట్టి అటూ ఇటూ మారే పని తప్పుతుంది. ఎస్‌పిఎస్‌ఎస్‌లో ఇది లీనియర్ రిగ్రెషన్ మెనూలో ఉండదు, కొత్త వెర్షన్లలో జనరల్ లీనియర్ మోడల్ కింద యూనివేరియేట్ ఆప్షన్స్‌లో చూడండి.

నార్మాలిటీ అంటే బిడ్డ బరువులకి షపీరో-విల్క్ చేసి టేబుల్ పెట్టేవాళ్లే ఎక్కువ. కావాల్సింది రెసిడ్యువల్స్ నార్మాలిటీ, దానికి క్యూ-క్యూ ప్లాట్ చాలు. మీ ప్లాట్‌లో ఎడమ చివర చుక్కలు గీత కిందికి జారడం ఖాయమనే అనుకుంటున్నాను, కాన్పు నాటి వారాలు మోడల్‌లో లేవు కదా, నెలలు నిండని బిడ్డలంతా మోడల్ ఊహించినదానికంటే బాగా తక్కువ బరువుతో అక్కడ పోగవుతారు. అది చూసి భయపడి జెస్టేషనల్ ఏజ్ మళ్లీ లోపలికి లాక్కురాకండి. 226 మందితో కోఎఫిషియెంట్ ఇంటర్వల్స్ ఆ మాత్రం తోకని తట్టుకుంటాయి. లాగ్ ట్రాన్స్‌ఫర్మేషన్ కూడా వద్దు, ఎడమ వైపు తోకని అది ఇంకా సాగదీస్తుంది.

కుక్స్ డిస్టెన్స్‌కి 4/n అనే గీత వాడితే ఇక్కడ 4/226, అంటే సుమారు 0.018. అది దాటినవాళ్లని తీసేయమని కాదు, వాళ్ల కేస్ షీట్లు బయటికి తీయమని. 8.2 అని ఉన్న హీమోగ్లోబిన్ ఎక్సెల్‌లో 18.2 అయి ఉండొచ్చు, అది దిద్దాలి. నిజంగానే 5.1 ఉండి రక్తం ఎక్కించిన తల్లి అయితే ఆమె ఉండాల్సిందే, కాకపోతే అలాంటివాళ్లు లేకుండా మోడల్ మళ్లీ నడిపి కోఎఫిషియెంట్ ఎంత కదిలిందో చెప్పాలి.

వీఐఎఫ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తల్లి బరువు, బీఎంఐ రెండూ కలిపి పెట్టలేదు కాబట్టి ఎక్కువ రాదు. వచ్చినా 5 దాటింది కదా అని కన్ఫౌండర్‌ని తీసేయకండి. తరగతుల వేరియబుల్ ఉంటే ఆర్ జీవీఐఎఫ్ అనే కాలమ్ ఇస్తుంది, దాని పక్కనే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి సరిచేసిన కాలమ్ ఉంటుంది. ఆ రెండోది వర్గం చేస్తే మామూలు వీఐఎఫ్‌తో పోల్చుకోవచ్చు. డర్బిన్-వాట్సన్ పూర్తిగా కొట్టేయండి. అది కాలక్రమంలో వరసగా వచ్చిన డేటాకి, మీ ఎక్సెల్ షీట్‌ని పేర్ల ప్రకారం సార్ట్ చేస్తే దాని విలువ మారిపోతుంది. మీకు ఇండిపెండెన్స్ అంటే కవలల్ని తీసేశారా, ఒకే తల్లి రెండుసార్లు వచ్చిందా అన్నదే.

ఇక పేరా. మీరెలాగూ ఇంగ్లీషులో రాయాలి, వాక్యాల వరస మాత్రం ఇలా ఉంచండి, మీ దగ్గర నిజంగా జరిగినదాన్ని బట్టి మార్చుకోండి:

"తల్లి మూడో ట్రైమెస్టర్ హీమోగ్లోబిన్‌కీ బిడ్డ పుట్టిన బరువుకీ గల సంబంధాన్ని మల్టిపుల్ లీనియర్ రిగ్రెషన్‌తో అంచనా వేశాం. ఒకే బిడ్డ కాన్పులను మాత్రమే తీసుకున్నాం, ఒక్కో తల్లి నుంచి ఒకే కాన్పు. రెండు కొలతలనూ వర్గాలుగా విడదీయకుండా నిరంతర వేరియబుల్స్‌గానే వాడాం. సర్దుబాటు చేయాల్సిన వేరియబుల్స్‌ను గణాంక పరీక్షల ఆధారంగా కాక, హీమోగ్లోబిన్‌నూ బరువునూ రెండింటినీ ప్రభావితం చేస్తాయని ముందే తెలిసినవాటి నుంచి ఎంచుకున్నాం: హీమోగ్లోబిన్ పరీక్షించిన వారం, తల్లి వయసు, ఎత్తు, తొలి రిజిస్ట్రేషన్ నాటి బీఎంఐ, కాన్పుల సంఖ్య, సామాజిక ఆర్థిక తరగతి, గర్భకాలపు అధిక రక్తపోటు. అంచనా కచ్చితత్వం కోసం బిడ్డ లింగాన్ని చేర్చాం. వీటన్నిటినీ పి-వాల్యూతో నిమిత్తం లేకుండా మోడల్‌లో ఉంచాం. కాన్పు నాటి గర్భవారాలు హీమోగ్లోబిన్ ప్రభావంలో మధ్యవర్తి కాగలవు కాబట్టి ప్రధాన మోడల్‌లో చేర్చలేదు, వాటిని చేర్చిన మోడల్‌ను సెన్సిటివిటీ అనాలిసిస్‌గా ఇచ్చాం. అన్ని వేరియబుల్స్ ఉన్న 226 మందిని విశ్లేషించాం, మినహాయించిన 14 మంది లక్షణాలను విడిగా ఇచ్చాం. హీమోగ్లోబిన్ సంబంధం సరళరేఖగా ఉందా అన్నది పార్షియల్ రెసిడ్యువల్ ప్లాట్‌తోనూ, 2 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్న నేచురల్ స్ప్లైన్ మోడల్‌తో పోల్చీ పరిశీలించాం. వేరియన్స్ సమానతను రెసిడ్యువల్ ప్లాట్‌తో, రెసిడ్యువల్స్ పంపిణీని క్యూ-క్యూ ప్లాట్‌తో, కొలినియారిటీని వీఐఎఫ్‌తో చూశాం. కుక్స్ డిస్టెన్స్ 4/n దాటిన రికార్డులను కేస్ షీట్లతో సరిచూసి, అవి లేకుండా మోడల్‌ను మళ్లీ వేశాం. స్టాండర్డ్ ఎర్రర్లు హెచ్‌సీ3 పద్ధతివి. ఫలితాలను 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్‌తో ఇచ్చాం."

దీని చివర సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, వాడిన ప్యాకేజీలు ఒక వాక్యం. వీఐఎఫ్ ఎంత వచ్చింది, ఆర్-స్క్వేర్ ఎంత, ప్లాట్ ఎలా ఉంది అనేవి ఇక్కడ కాదు, రిజల్ట్స్‌లోకో అనుబంధంలోకో పోతాయి. 226 అనే అంకె మాత్రం రిగ్రెషన్ టేబుల్ కింద కూడా కనిపించాలి, అక్కడ 240 అని ఉంటే వైవాలో మొదటి ప్రశ్న అదే.

ఒక్క జాగ్రత్త. మీరు ఇప్పటికే స్టెప్‌వైజ్ నడిపి ఫలితాలు చూసేశారు. సినాప్సిస్‌లో, ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో కన్ఫౌండర్ల జాబితా ఉంటే "ప్రోటోకాల్‌లో పేర్కొన్న" అని ధైర్యంగా రాయండి, దానికి మించి చేర్చినవాటిని విడిగా చెప్పండి. జాబితా అసలు లేకపోతే "ముందే నిర్ణయించాం" అని రాయకూడదు. "మొదట స్టెప్‌వైజ్ పద్ధతిలో విశ్లేషించాం, తర్వాత కారణ సంబంధాల ఆధారంగా వేరియబుల్స్ ఎంచుకుని మళ్లీ విశ్లేషించాం, రెండు ఫలితాలూ అనుబంధంలో ఉన్నాయి" అని రాయండి. గైడ్ స్టెప్‌వైజే ఉండాలని పట్టుబడితే గొడవ పెట్టుకోకుండా దాన్ని కూడా అనుబంధంలోనే ఉంచి, లోపలికి వచ్చే, బయటికి పోయే పి-వాల్యూ గీతలు ఎంత పెట్టారో రాయండి. ఎస్‌పిఎస్‌ఎస్ డిఫాల్ట్ 0.05, 0.10, మీరు మార్చకపోతే అవే ఉంటాయి.

రెసిడ్యువల్ ప్లాట్, పార్షియల్ రెసిడ్యువల్ ప్లాట్ గీశాక ఇక్కడ పెట్టండి, వంపు ఉందో లేదో చూసి చెప్తాను. పేషెంట్ల పేర్లు, ఐపీ నంబర్లు ఉన్న షీట్ మాత్రం పెట్టకండి.